చేబదులు అందాక స్నేహితుడికి రాయవలసిన సందేశం

స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకున్నవాళ్లు ఆ తరవాత పంపే సందేశాలు చాలా వరకు ఒకే తీరులో ఉంటాయి. మొదట దేవుడిలా ఆదుకున్నావని ఉంటుంది, మధ్యలో ఈ మేలు జన్మలో మరచిపోలేనని ఉంటుంది, చివర వీలైనంత త్వరలో సర్దేస్తానని ఉంటుంది. రాసినవాళ్లు మనస్ఫూర్తిగానే రాస్తారు. కానీ చదివిన స్నేహితుడికి నిజంగా తెలియవలసిన సంగతి, అంటే తన డబ్బు ఏ నెలకు తన చేతికి వస్తుందన్నది, అందులో ఎక్కడా దొరకదు. అప్పిచ్చిన స్నేహితుడు మళ్లీ నోరు తెరిచి అడగవలసిన పరిస్థితి రాకుండా చూడడమే కృతజ్ఞతలో ముఖ్యభాగమని నేను అనుకుంటాను. కాబట్టి థాంక్స్ చెప్పే సందేశంలోనే ఎంత తీసుకున్నామో, ఎప్పుడెప్పుడు ఎంత ఇస్తామో స్పష్టంగా రాయాలి. స్నేహితుల మధ్య ఈ రాతకోతలేమిటి అనే అభ్యంతరం నాకు తెలుసు, దాని దగ్గరికి తరవాత వస్తాను.

విజయవాడలో ఉండే నా సహోద్యోగి ఒకాయన ఇలాంటి సందేశాన్ని పంపేముందు నాకు చూపించారు. ఆయన తల్లి ఇంట్లో జారిపడి తుంటి ఎముక విరగడంతో ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఆరోగ్య బీమా ఉన్నా, డిశ్చార్జి రోజున బీమా సంస్థ ఆమోదించిన మొత్తం బిల్లుకు సరిపోలేదు. మిగిలిన 1,20,000 రూపాయలు కడితే తప్ప ఇంటికి పంపరు. హైదరాబాదులో ఉన్న చిన్ననాటి స్నేహితుడికి రాత్రి ఫోన్ చేస్తే, ఆయన మరో ప్రశ్న వేయకుండా యూపీఐలో లక్ష పంపి, ఒక మనిషి మరో మనిషికి రోజుకు లక్షకు మించి పంపడానికి వీల్లేదు గనక మిగిలిన 20,000 మర్నాడు పొద్దున్నే పంపారు. ఆ రాత్రి నా సహోద్యోగి "అందింది రా, అమ్మ దగ్గర ఉన్నాను, తరవాత మాట్లాడతాను" అని ఒక్క ముక్క పంపారు. ఆ సమయానికి అది చాలు. డబ్బు చేరిందో లేదో అన్న కంగారు ఇచ్చినవాడికి ఉంటుంది, అది తీరితే మిగతా మాటలు ఆగగలవు. అసలు సందేశాన్ని తల్లిని ఇంటికి తెచ్చి, బిల్లులు ఒక కొలిక్కి వచ్చాక, నాలుగైదు రోజులకు రాశారు. వారం దాటనివ్వకపోవడం మంచిదని నా ఉద్దేశం. అంతకు మించి ఆలస్యమైతే కృతజ్ఞత కంటే మొహమాటమే ముందు కనబడుతుంది.

ఆయన మొదట రాసుకున్న దానిలో "నీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను" అన్న వాక్యం ఉంది. మనందరి నోటా ఆడే మాటే. కానీ లక్షా ఇరవై వేలు బాకీ ఉన్న మనిషి, బాకీ ఇచ్చిన మనిషికి రాయవలసిన మొదటి వాక్యం మాత్రం అది కాదు! నవ్వుకుని కొట్టేశాం. దాని తరవాత స్నేహితుణ్ణి దేవుడితోనూ, తోడబుట్టినవాడితోనూ పోల్చిన నాలుగు వాక్యాలు ఉన్నాయి. వాటిని కూడా తీసేయమన్నాను. ఆయనకు కాస్త కష్టంగా అనిపించింది గానీ నా కారణం ఇది: పొగడ్త ఎంత ఎత్తుకు పోతే, ఎత్తబడినవాడు కిందికి దిగి తన డబ్బు గురించి మాట్లాడడం అంత కష్టమవుతుంది. దేవుడన్నవాణ్ణి పట్టుకుని ఆర్నెల్ల తరవాత ఆ దేవుడే "ఏమైంది రా నా డబ్బు" అని ఎలా అడుగుతాడు? అడగలేకపోతే లోపల పెట్టుకుంటాడు, ఫోన్లు తగ్గిస్తాడు, పెళ్లిళ్లలో ఎదురుపడితే పక్కకు తప్పుకుంటాడు. అప్పు వల్ల చెడిన స్నేహాల్లో ఎగవేత కారణమైనవి ఉంటాయి, కానీ ఇద్దరూ మాట్లాడుకోలేక చెడినవి కూడా తక్కువేమీ కావు.

పొగడ్త బదులు ఏం రాయాలంటే, ఆ డబ్బు ఏం పని చేసిందో రాయాలి. డబ్బిచ్చినవాడు హైదరాబాదులో కూర్చుని ఉన్నాడు, తన లక్షా ఇరవై వేలు ఒక బిల్లు కౌంటరులో ఎలా కరిగిందో అతనికి కనబడదు. రాత్రి డబ్బు అందబట్టి మర్నాడు మధ్యాహ్నానికి డిశ్చార్జి అయిందని, లేకపోతే ఇంకో రోజు గది అద్దె పడేదని, అమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని హాలు దాకా వస్తోందని రాస్తే, అతను చేసిన సాయం అతని కళ్ల ముందుకు వస్తుంది. ఇంకొకటి కూడా చెప్పదగినది ఉంది: అతను కారణాలు తవ్వకుండా, షరతులు పెట్టకుండా ఇచ్చాడు. అప్పు అడిగే మనిషికి అడగడంలో ఉన్న చిన్నతనం ఎంత బాధిస్తుందో అడిగినవాడికే తెలుసు గనక, ఆ బాధ లేకుండా చేసినందుకు విడిగా థాంక్స్ చెప్పడం సబబు. ఈ రెండూ చెబితే చాలు, మూడు నాలుగు వాక్యాల్లో పని అయిపోతుంది.

ఇక తిరిగి ఇచ్చే సంగతి. మా సహోద్యోగి నెలకు 15,000 చొప్పున 8 నెలల్లో తీర్చేస్తానని రాసుకున్నారు. కాగితం మీద లెక్క వేద్దామన్నాను. చేతికి వచ్చే జీతం 58,000. అద్దె 14,000, ఇంటి ఖర్చు 17,000, పిల్లవాడి స్కూలు, వ్యాను కలిపి 5,000, బండి లోను కిస్తీ 4,000, అమ్మ మందులకు, ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపీ మనిషికి కలిపి మరో 4,000. మొత్తం 44,000 పోగా మిగిలేది 14,000. అంటే ఆయన మాట ఇవ్వబోయిన 15,000 మొదటి నెల నుంచే లేదు. ఆత్మగౌరవం ఉన్న మనుషులు చేసే పని ఇదే, త్వరగా తీర్చాలన్న తొందరలో తమ దగ్గర లేని డబ్బును మాట ఇచ్చేస్తారు. నేను 10,000 రాయమన్నాను. 8 నెలలది 12 నెలలవుతుంది, కానీ మిగిలిన 4,000 పండగకో, జ్వరానికో, బండి రిపేరుకో అడ్డం పడుతుంది. అప్పిచ్చినవాడి వైపు నుంచి చూస్తే, నెల నెలా తప్పకుండా వచ్చే 10,000 విలువ మూడో నెలలో ఆగిపోయే 15,000కి ఉండదు. కిస్తీ ఒకసారి తప్పిందంటే మిగతా కిస్తీలన్నిటి మీదా అనుమానం మొదలవుతుంది.

బీమా సంస్థ కోత పెట్టిన మొత్తంలో కొంతైనా, సుమారు 35,000, మళ్లీ కాగితాలు పెడితే రావచ్చని ఆయనకు ఆశ ఉంది. మొదటి రాతలో "బీమా డబ్బు రాగానే ఒకేసారి 35,000 ఇస్తాను" అని కూడా ఉంది. దీన్ని పూర్తిగా కొట్టేయలేదు గానీ స్థానం మార్చాం. వస్తుందో రాదో, వస్తే ఎంత వస్తుందో తెలియని డబ్బు మీద ప్రణాళికను నిలబెట్టకూడదు. ప్రణాళిక జీతం మీద నిలబడాలి, బీమా డబ్బు వస్తే చివరి కిస్తీలు ముందే తీరాలి. తాను ఎదురుచూస్తున్న ప్రతి పైసా ప్రణాళికలోకి ఎక్కించినవాడు, ఆ పైసా ఆలస్యమైన ప్రతిసారీ స్నేహితుడికి సంజాయిషీ రాసుకోవలసి వస్తుంది.

వడ్డీ గురించి మా ఇద్దరికీ కాసేపు వాదన జరిగింది. బయట తెస్తే నూటికి రెండు రూపాయలు, అంటే లక్షా ఇరవై వేలకు మొదటి నెలకే 2,400 కట్టవలసింది, కాబట్టి స్నేహితుడికి ఎంతో కొంత ఇవ్వజూపాలని ఆయన పట్టు. చేబదులుగా ఇచ్చినవాడికి వడ్డీ ఇవ్వజూపితే అతను నొచ్చుకుంటాడని నా పట్టు. చివరికి సరైన ప్రశ్న వడ్డీ ఇవ్వాలా వద్దా అన్నది కాదని, ఇచ్చినవాడికి ఈ డబ్బు వల్ల చేతి నుంచి ఏమైనా పోతోందా అన్నదని తేలింది. సేవింగ్స్ ఖాతాలో ఊరికే ఉన్న డబ్బు పంపి ఉంటే అతనికి పోయేది పెద్దగా లేదు. ఏడు శాతం వచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసి పంపి ఉంటే, బాకీ నెల నెలా తగ్గుతూ వస్తుంది గనక ఏడాదికి అతను వదులుకునేది నాలుగున్నర వేల చిల్లర, దానికి తోడు ముందుగా రద్దు చేసినందుకు బ్యాంకు కోత. బంగారం తాకట్టు పెట్టి పంపి ఉంటే మాత్రం అతను తన జేబులోంచి మన కోసం వడ్డీ కడుతున్నట్టు లెక్క, ఆ వడ్డీ మనం కట్టి తీరాలి. స్నేహితులు ఈ సంగతి తమంత తాము చెప్పరు, అందుకే సందేశంలో అడగాలి.

చివరికి పంపిన సందేశం, కొన్ని సొంత సంగతులు తీసేసి, ఇలా ఉంది:

> ఒరేయ్, అమ్మను ఇంటికి తీసుకొచ్చాం. నువ్వు ఆ రాత్రి డబ్బు పంపబట్టి మర్నాడు మధ్యాహ్నానికే పంపించారు. ఇప్పుడు వాకర్ పట్టుకుని హాలు దాకా వస్తోంది, నిన్ను అడిగింది. ఎందుకు, ఏమిటి అని ఒక్క మాట అడగకుండా పంపావు. ఆ రాత్రి నాకు డబ్బు కంటే అదే పెద్ద ధైర్యం. చాలా థాంక్స్ రా.
>
> లెక్క రాసి పెడుతున్నాను. 16వ తేదీ రాత్రి 1,00,000, 17 పొద్దున 20,000, మొత్తం 1,20,000 నీ దగ్గర చేబదులు తీసుకున్నాను. నవంబరు 5 నుంచి ప్రతి నెలా 5వ తేదీన 10,000 నువ్వు పంపిన ఖాతాకే వేస్తాను, వచ్చే అక్టోబరు 5కి పూర్తవుతుంది. బీమా వాళ్ల దగ్గర నుంచి ఏమైనా వస్తే అది కూడా నీకే పంపి చివరి కిస్తీలు తగ్గించేస్తాను, కానీ దాని కోసం ఆగను. ఏ నెలైనా ఇబ్బంది అయితే 5వ తేదీకి ముందే నేనే ఫోన్ చేసి చెబుతాను, నువ్వు అడగాల్సిన పని ఉండదు.
>
> రెండు సంగతులు చెప్పు. ఇది డిపాజిట్ తీసి గానీ, ఏదైనా తాకట్టు పెట్టి గానీ పంపావా? అలా అయితే ఆ వడ్డీ నాది. ఈ ఏడాదిలో నీకు పెద్ద మొత్తం అవసరమయ్యే నెల ఉంటే ఇప్పుడే చెప్పు, దాన్ని బట్టి మార్చుకుందాం. మా ఇంట్లో కూడా ఈ లెక్క తెలుసు.

ఇందులో "చేబదులు తీసుకున్నాను" అన్న మాట కావాలనే పెట్టాం. ఆదాయపు పన్ను నియమాల ప్రకారం, బంధువు కానివారి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలకు మించి ఉచితంగా అందిన డబ్బు పుచ్చుకున్నవాడి ఆదాయంలో కలుస్తుంది, స్నేహితుడు ఎంత దగ్గరివాడైనా ఆ నియమం దృష్టిలో బంధువు కాడు. అప్పుకు ఈ బాధ లేదు, కానీ అది అప్పే అని చూపడానికి ఏదైనా ఉండాలి. తీసుకున్న రోజుల్లోనే రాసిన సందేశం, ఆ తరవాత నెల నెలా వెళ్లిన డబ్బు ఆ పని చేస్తాయి. "నువ్వు పంపిన ఖాతాకే" అనడానికి కూడా ఇలాంటి కారణమే ఉంది. 20,000 గానీ అంతకు మించి గానీ ఉన్న అప్పును నగదుగా తీసుకోకూడదు, నగదుగా తీర్చకూడదు. తప్పితే అంత మొత్తమూ జరిమానాగా పడే అవకాశం ఉంది. ఈ నెల ఇస్తున్నది 10,000 మాత్రమే కదా అని కవరులో పెట్టి చేతికివ్వడం కుదరదు, ఎందుకంటే చూసేది మొత్తం బాకీని. సంక్రాంతికి ఊళ్లో కలిసినప్పుడు ఇచ్చేద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది గనక ఇది చెప్పాను.

"మా ఇంట్లో కూడా తెలుసు" అన్న చివరి వాక్యం చిన్నదే గానీ, అప్పిచ్చినవాడికి అది పెద్ద భరోసా. ఇల్లాలికి తెలియని అప్పు నెలాఖరున మిగతా ఖర్చులన్నిటికీ లోకువైపోతుంది. బాకీపడిన మనిషికి ఏదైనా అయితే, ఆ అప్పు ఉందని ఇంట్లోవాళ్లకు తెలియకపోతే, అప్పిచ్చినవాడు దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గరికి పోయి తన లెక్క విప్పలేడు.

ఇప్పుడు అభ్యంతరం సంగతి. స్నేహితుడికి ఇలా తేదీలు, అంకెలు రాసి పంపితే, నన్ను వడ్డీ వ్యాపారిని చేశాడని అతను నొచ్చుకోడా అని అడుగుతారు. మన ఊళ్లలో ప్రామిసరీ నోటు అనేది నమ్మకం లేనిచోట రాయించుకునేది గనక, రాత అనగానే అనుమానం గుర్తుకు రావడం సహజం. కానీ నోటు అడిగి రాయించుకునేది అప్పిచ్చినవాడు, ఇక్కడ రాస్తున్నది అప్పు తీసుకున్నవాడు. అప్పిచ్చినవాడు "రాసివ్వు" అంటే అది అనుమానం అవుతుంది, తీసుకున్నవాడు తనంత తాను రాసిస్తే అవతలివాడికి అడిగే అవస్థ తప్పించినట్టవుతుంది. పైగా నోటు పద్ధతిలో ఒక మంచి అలవాటు ఉంది, దాన్ని స్నేహాల్లోకి తెచ్చుకోవాలి: కొంత డబ్బు తీర్చినప్పుడల్లా నోటు వెనక తేదీ వేసి, ఎంత ముట్టిందో చెల్లు రాస్తారు. దానికి సాటిగా, ప్రతి నెలా డబ్బు వేసేటప్పుడు యూపీఐలో రాసుకునే చోట "చేబదులు కిస్తీ 3/12" అని వేసి, వాట్సాప్‌లో "మూడోది వేశాను, ఇంకా 90,000 ఉంది" అని ఒక్క లైను పెడితే సరిపోతుంది. ఆ లైనుకు జవాబు రాకపోయినా ఫరవాలేదు.

అయితే ఈ సందేశాన్ని నోటుకు సమానమని అనుకోకూడదు. గడువు ఏదీ పెట్టుకోని చేబదులు కోసం కోర్టుకు వెళ్లాలంటే, 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, డబ్బిచ్చిన నాటి నుంచి 3 ఏళ్లలోపు వెళ్లాలి. ఆ గడువు తీరకముందే బాకీదారు అప్పును ఒప్పుకుంటూ రాసి సంతకం చేస్తే, అక్కడి నుంచి మళ్లీ 3 ఏళ్లు లెక్క మొదలవుతుంది. ఫోన్‌లో సందేశం సాక్ష్యంగా పనికిరావచ్చు గానీ, దానికి ధ్రువపత్రాలు, వాదనలు తప్పవు. అందుచేత అప్పు ఐదారు లక్షల్లో ఉన్నా, తీరడానికి మూడు నాలుగేళ్లు పట్టేలా ఉన్నా, తీసుకున్నవాడే రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం పెట్టిన నోటు రాసి స్నేహితుడి చేతిలో పెట్టడం మర్యాద. లక్షా ఇరవై వేలకు, ఏడాది గడువుకు సందేశం చాలు.

సందేశాన్ని ఎక్కడ పంపాలో కూడా ఆలోచించాలి. పాత క్లాస్‌మేట్ల వాట్సాప్ గ్రూపులో "మనవాడు నన్ను ఆదుకున్నాడు" అని అందరి ముందు పెట్టేవాళ్లు ఉన్నారు. ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం ఆ స్నేహితుడు అప్పులిస్తాడన్న సంగతి నలభై మందికి చాటింపు వేసినట్టు. మర్నాటి నుంచి అతనికి ఫోన్లు మొదలవుతాయి. అతనికే విడిగా పంపాలి. ఆ చాట్‌లో సందేశాలు వాటంతట అవే మాయమయ్యే ఏర్పాటు పెట్టి ఉందేమో చూసుకోవాలి, ఎందుకంటే దాని గరిష్ఠ గడువు 90 రోజులు, మన ప్రణాళిక 12 నెలలు. గొంతుతో చెబితే ఆప్యాయంగా ఉంటుందనుకునేవాళ్లు థాంక్స్ వరకు వాయిస్ మెసేజ్ పంపవచ్చు, లెక్క మాత్రం అక్షరాల్లోనే ఉండాలి. వాయిస్‌లో చెప్పిన తేదీని ఎవరూ వెతుక్కోలేరు.

కిస్తీ తప్పే నెల ఒకటి ఎప్పుడో వస్తుంది. అప్పుడు ఐదో తేదీ దాటాక క్షమాపణ రాయడం కంటే, మూడో తేదీన "ఈ నెల 4,000 వేస్తున్నాను, మిగిలిన 6,000 ఈ నెల 20న వేస్తాను" అని చెప్పడం వెయ్యి రెట్లు నయం. ఏమీ వేయకపోవడం కంటే కొంత వేయడం మేలు. కారణం ఒక్క వాక్యంలో చాలు. కారణాలు పేరా నిండా సాగితే అవతలివాడికి డబ్బు మీద కంటే కథ మీద అనుమానం వస్తుంది. బాకీ ఉన్నన్నాళ్లూ కొత్త ఫోన్ ఫొటోలు స్టేటస్‌లో పెట్టకుండా ఉంటే మంచిదని నేను వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

ఇంతా రాసి పంపినా, అవతలి నుంచి జవాబు వచ్చేదాకా అది ఒకవైపు ప్రతిపాదన మాత్రమే. చాలామంది స్నేహితులు "ముందు అమ్మను చూసుకో, డబ్బు సంగతి తరవాత" అంటారు. ఆ మాటను గడువు ఎత్తేసినట్టుగా తీసుకోకూడదు. "సరే, అయినా 5వ తేదీన వేస్తుంటాను" అని మృదువుగా అక్కడే ఖాయం చేసుకోవాలి. మా సహోద్యోగి స్నేహితుడు మాత్రం అలా అనలేదు, గంటలో జవాబిచ్చాడు. డిపాజిట్ ఏదీ తీయలేదట, ఖాతాలో ఉన్నదే పంపాడట. అయితే జూన్‌లో అమ్మాయిని ఇంటర్‌లో చేర్చాలని, అప్పటికి ఒకేసారి 30,000 కావాలని రాశాడు. ఏప్రిల్, మే నెలలవి తనకు పంపవద్దని, పంపితే ఖర్చయిపోతాయని, జూన్ దాకా నీ దగ్గరే ఉంచమని కూడా రాశాడు.

నాకు ఆ ఏర్పాటు అంతగా నచ్చలేదు, ఎందుకంటే ఒకరి దగ్గర ఖర్చయిపోయే డబ్బు ఇంకొకరి దగ్గరా ఖర్చవుతుంది. కానీ డబ్బు అతనిది, అతను కోరిన తీరులోనే తీర్చాలి. మా సహోద్యోగి ఆ రెండు నెలల 20,000 జీతం ఖాతాలో ఉంచకుండా పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో వేసేటట్టు నిర్ణయించుకుని, ఆ సాయంత్రమే తిరిగి రాశారు: "సరే రా. నవంబరు నుంచి మార్చి దాకా నెలకు 10,000, ఏప్రిల్, మేలలో ఏమీ ఉండదు, జూన్ 5న 30,000, జులై నుంచి మళ్లీ 10,000. పూర్తయ్యేది మాత్రం అదే అక్టోబరు 5. అమ్మాయి ఫీజు కట్టే ఆఖరు తేదీ జూన్ 5 కంటే ముందు అయితే మే నెలలోనే చెప్పు, నాలుగు రోజులు ముందుకు జరుపుతాను."